పిల్ల కాని గుడ్డు ఏం చెబుతుంది?

చిన్న కరెంటు ఇంక్యుబేటర్‌లో గుడ్లు పెట్టినవాళ్లకు 21వ రోజు బాగా గుర్తుండిపోతుంది. కొన్ని పిల్లలు బయటికొస్తాయి. మిగతా గుడ్లు కదలకుండా ఉండిపోతాయి. ఇంకో రెండు రోజులు చూసి, వాటిని తీసుకెళ్లి పెంటకుప్పలో పూడ్చేస్తారు. ‘ఈసారి కలిసి రాలేదు’ అనుకుంటారు, లేదా మెషీన్ మంచిది కాదంటారు. మళ్లీ గుడ్లు పెడతారు, మళ్లీ సగమే వస్తాయి.

పూడ్చేసిన ఆ గుడ్లలోనే జవాబు ఉంది. పిండం ఏ రోజు చనిపోయిందో, ఎందుకు చనిపోయిందో గుడ్డును పగలగొట్టి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పెద్ద హేచరీల్లో ప్రతి బ్యాచ్ తర్వాత ఈ పని తప్పనిసరిగా చేస్తారు. ఇంట్లో 24 గుడ్లు పెట్టుకునే వాళ్లూ చేయవచ్చు. దీనికి కావలసినవి ఒక టార్చి, గ్రాముల్లో చూపే వంటింటి తూకం, ఒక నోట్‌బుక్.

నాటుకోడి పది, పన్నెండు గుడ్లు బాగానే పొదుగుతుంది. కానీ పొదుగుకు కూర్చున్న దగ్గర్నుంచి పిల్లలు కాస్త పెద్దవయ్యేదాకా అది మళ్లీ గుడ్డు పెట్టదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్లకు పొదుగు మీద కూర్చునే గుణం తక్కువ. అందుకే పల్లెల్లో థర్మాకోల్ పెట్టెలూ ప్లాస్టిక్ ఇంక్యుబేటర్లూ పెరిగాయి. అయితే కోడి తన పొట్టతో తెలుసుకుని చేసే పనిని మనం అంకెలు చూసి చేయాలి. ఆ అంకెలు ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదో తెలియాలి.

ఒక బ్యాచ్‌ని విప్పి చూద్దాం

ఉదాహరణకు, ఆగస్టు నెల, కోనసీమలో ఒక ఇల్లు అనుకుందాం. పది రోజులపాటు పోగుచేసిన 24 నాటుకోడి గుడ్లు వంటింటి అలమరాలో ఉన్నాయి. ఫ్యాన్ ఉన్న చిన్న ఇంక్యుబేటర్‌లో వాటిని పెట్టారు. తెరపై 37.5 డిగ్రీలు కనిపిస్తోంది. మెషీన్‌తో వచ్చిన కాగితంలో రాసినట్టు అడుగునున్న రెండు నీళ్ల గాళ్లూ నింపారు. గుడ్లు తిప్పే మోటారు పనిచేస్తోంది. 21వ రోజుకు 9 పిల్లలు వచ్చాయి.

ఈ ఇంటివాళ్లు 7వ రోజు రాత్రి చీకటి గదిలో ఒక్కో గుడ్డు వెనక టార్చి పెట్టి చూశారు. సజీవంగా ఉన్న గుడ్డులో ఒక ముదురు చుక్క, దాని చుట్టూ సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తాయి. అలా కనిపించినవి 15. నాలుగు గుడ్లు పారదర్శకంగా, పెట్టినప్పటిలాగే ఉన్నాయి. మిగతా ఐదింటిలో నాళాల గూడు లేదు, సన్నని ఎర్ర వలయం మాత్రం ఉంది. చివరికి ఆ 15లో 9 పిల్లలయ్యాయి, 6 గుడ్లు మిగిలిపోయాయి.

పారదర్శకంగా ఉన్న నాలుగింటినీ పగలగొట్టి పచ్చసొన పైభాగం చూడాలి. అక్కడ చిన్న తెల్లటి మచ్చ ఒక్కటే గట్టిగా, అంచు సరిగా లేకుండా ఉంటే ఆ గుడ్డుకు పుంజు కలవలేదని అర్థం. ఈ పని 7వ రోజే చేయాలి. 21 రోజులు వేడిలో ఉన్న గుడ్డులో ఆ తేడా చెరిగిపోతుంది. ఈ ఇంట్లో నాలుగూ అలాంటివే. ఇది ఇంక్యుబేటర్ తప్పు కాదు, దానితో నయమయ్యేదీ కాదు. నాటుకోళ్లలో ఎనిమిది, పది పెట్టలకు ఒక చురుకైన పుంజు ఉండాలి. కోనసీమ వైపు సంక్రాంతి పందేలకు పుంజుల్ని ముందే పెట్టలకు దూరంగా కట్టేసి పెంచుతారు. పుంజు దూరమైన తర్వాత రెండు వారాల వరకు పెట్ట గుడ్లలో కొన్ని పిల్లలయ్యే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత పెట్టే గుడ్లు కూరకే పనికొస్తాయి.

కాబట్టి 24లో 9 అని లెక్కేస్తే 37.5 శాతం. కానీ పుంజు కలిసిన గుడ్లు 20, వాటిలో వచ్చినవి 9, అంటే 45 శాతం. మెషీన్‌నూ మన పద్ధతినీ అంచనా వేయడానికి ఈ రెండో అంకే చూడాలి. పోయిన 11 పిండాలు ఎక్కడ పోయాయన్నదే అసలు ప్రశ్న.

అలమరాలో మొదలైన చావు

ఎర్ర వలయం అంటే పిండం రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల చనిపోయిందని. దాని రక్తం గూడు అంచుకు చేరి వలయంలా నిలిచిపోతుంది. అన్ని హేచరీల్లోనూ పిండాలు ఎక్కువగా చనిపోయేది రెండు సందర్భాల్లో: మొదటి వారంలో, చివరి మూడు రోజుల్లో. మొదటి వారంలో కొన్ని పోవడం మామూలే. ఇరవైలో ఐదు మాత్రం ఎక్కువ.

మెషీన్ వేడి పెరగడమో, మధ్యలో ఆగిపోవడమో కూడా ఇలాంటి చావుకు దారితీయవచ్చు. కానీ ఈ ఇంట్లో ముందుగా అనుమానించాల్సింది అలమరాను. గుడ్డు కోడి కడుపులోంచి బయటికి వచ్చేసరికే అందులో పిండం ఎదుగుదల మొదలై ఉంటుంది. గుడ్డు చల్లబడితే ఆ ఎదుగుదల ఆగి నిద్రలోకి వెళుతుంది. అలా పూర్తిగా ఆగాలంటే సుమారు 21 నుంచి 24 డిగ్రీల కంటే కింద ఉండాలి. కోనసీమ వంటింట్లో ఆగస్టులో 30 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో పిండం నిద్రా పోదు, సరిగా ఎదగాదు. పది రోజులు అలా కొట్టుమిట్టాడి బలహీనపడుతుంది. ఇంక్యుబేటర్‌లో పెట్టగానే కొంచెం ఎదిగి ఆగిపోతుంది.

పొదిగించే గుడ్లు నిల్వ ఉంచడానికి తగిన వేడి 15 నుంచి 18 డిగ్రీలు. అలా ఉంచగలిగితే వారం రోజులు నిశ్చింత. ఆ తర్వాత ఒక్కో రోజు గడిచేకొద్దీ పిల్లలయ్యే శాతం తగ్గుతూ పోతుంది. ఫ్రిజ్‌లో మామూలు అరల్లో 4, 5 డిగ్రీలే ఉంటుంది కాబట్టి అది మరీ చల్లన. ఇంట్లో ఏసీ గది లేకపోతే వేడికి బదులు రోజుల్ని తగ్గించుకోవాలి. నీడగా, గాలి ఆడే చోట, సన్న కొన కిందికి ఉండేలా పెట్టి, మూడు నాలుగు రోజుల గుడ్లు మాత్రమే పొదిగించాలి. 24 సరిపోలేదని పాతవాటితో నింపడం కంటే 12 తాజా గుడ్లు పెట్టడం మేలు. దూరం నుంచి తెచ్చిన గుడ్లయితే మెషీన్‌లో పెట్టేముందు ఒక పూట కదపకుండా ఉంచాలి.

తెర చూపే వేడి, గుడ్డుకు తగిలే వేడి

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్డుకు కావలసింది 37.5 డిగ్రీలు. జ్వరం చూసే థర్మామీటర్‌లో అది 99.5. ఫ్యాన్ లేని పెట్టెలో వేడి గాలి పైకి, చల్ల గాలి కిందికి చేరుతుంది కనుక గుడ్డు పైభాగం ఎత్తున కొలిచి 38.3 నుంచి 38.8 వరకు ఉంచాలి. అదే పెట్టెలో మూత దగ్గర కొలిస్తే ఇంకా ఎక్కువ, అడుగున కొలిస్తే తక్కువ చూపిస్తుంది. చాలా థర్మాకోల్ పెట్టెల్లో సెన్సర్ తీగ బల్బుకు దగ్గరగానో, గోడకు ఆనుకునో వేలాడుతుంటుంది. అప్పుడు తెర మీద 37.5 ఉన్నా గుడ్డు దగ్గర అది ఉండదు. సెన్సర్ కొన గుడ్ల మధ్య, వాటి పైభాగం ఎత్తులో ఉండాలి.

సెన్సర్ సరిగా కొలుస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు తీసుకుని, జ్వరం చూసే మంచి థర్మామీటర్‌నూ, మెషీన్ లోపల పెట్టే థర్మామీటర్‌నూ ఒకేసారి ముంచాలి. ఆ వేడి దగ్గర జ్వరం థర్మామీటరే నమ్మదగింది. రెండింటికీ ఎంత తేడా ఉందో రాసుకుని, ఆ తేడా కలుపుకునో, తీసేసో మెషీన్‌ను అమర్చుకోవాలి.

వేడి తప్పిందని పిల్లల్ని చూసే చెప్పవచ్చు. రోజూ కొంచెం తక్కువగా ఉంటే పిల్లలు 22, 23 రోజులకు వస్తాయి, పొట్టలు పెద్దగా, నీరసంగా ఉంటాయి. కొంచెం ఎక్కువగా ఉంటే 20వ రోజుకే, ఒక్కోసారి అంతకు ముందే వస్తాయి. చిన్నగా ఉంటాయి, బొడ్డు పూర్తిగా మూసుకుని ఉండదు, కొన్నింటికి కాళ్లూ వేళ్లూ వంకరగా ఉంటాయి. మన కోనసీమ ఇంట్లో వచ్చిన తొమ్మిదీ 21వ రోజునే వచ్చాయి, బొడ్లు శుభ్రంగా ఉన్నాయి. అంటే సగటు వేడి సరిగానే ఉంది.

వేడి విషయంలో జనం ఎక్కువగా భయపడేది కరెంటు పోతుందని. నిజానికి గంట, రెండు గంటలు చల్లబడితే గుడ్లకు పెద్ద నష్టం లేదు. కోడి కూడా మేతకు లేచి వెళుతుంది. మూత తీయకుండా పెట్టె మీద దుప్పటి కప్పి, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తే చాలు. ప్రమాదకరమైంది వేడి పెరగడం. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలు ఉంటే పిండాలు చనిపోతాయి. ఈ చిన్న మెషీన్లు వేడి పుట్టించగలవు గానీ చల్లబరచలేవు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గదిలో 40 ఉంటే థర్మోస్టాట్ బల్బును ఆపేయగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు. పైగా రెండో వారం నుంచి పిండాలు తమ వేడిని తామే పుట్టిస్తాయి. ఆ కాలంలో ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలోకి మెషీన్‌ను మార్చాలి. అలాంటి గది లేకపోతే మే నెలలో పొదిగించడం మానుకోవాలి.

తేమను గుడ్డు బరువే చెబుతుంది

చివర్లో మిగిలిన ఆరు గుడ్లకు వద్దాం. వాటిని ఆరుబయట, చేతికి తొడుగు వేసుకుని, గాలి గది ఉండే వెడల్పు వైపు నుంచి మెల్లగా విప్పాలి. దుర్వాసన వచ్చే గుడ్డు, పెంకు చెమర్చిన గుడ్డు విప్పకుండా పూడ్చేయాలి, అది పేలవచ్చు. ఈ ఆరింటిలో ఒకటి మధ్యలో చనిపోయింది. ఐదింటిలో పూర్తిగా ఎదిగిన పిల్లలున్నాయి. వాటిలో మూడు పెంకును పొడవనే లేదు. రెండు పొడిచి, బయటికి రాలేక చనిపోయాయి. ఐదూ తడిగా, ఉబ్బినట్టు ఉన్నాయి. ముక్కు దగ్గర నీరు ఉంది. గాలి గది చాలా చిన్నదిగా ఉంది. ఇది తేమ ఎక్కువైందనడానికి గుర్తు.

గుడ్డు పెంకులో సన్నని రంధ్రాలు వేల కొద్దీ ఉంటాయి. వాటి ద్వారా నీరు ఆవిరై పోతూ ఉంటుంది, పోయిన నీటి చోటులో గాలి గది పెరుగుతుంది. చివరి రోజుల్లో పిల్ల తన ముక్కుతో ముందు ఈ గాలి గదిలోకే పొడుచుకుంటుంది. ఊపిరితిత్తులతో తొలిసారి గాలి పీల్చేది అక్కడే. గాలి గది చిన్నదైతే ఆ గాలి చాలదు, లోపల మిగిలిన నీళ్లు ముక్కులోకి వెళ్తాయి. అందుకే గుడ్డు 18 రోజుల్లో తన బరువులో 12, 13 శాతం కోల్పోవాలి. అప్పుడు గాలి గది గుడ్డు పొడవులో మూడో వంతుకు కాస్త తక్కువగా తయారవుతుంది.

సాధారణంగా మొదటి 18 రోజులూ తేమ 45 నుంచి 55 శాతం ఉండాలంటారు. అది సగటు మాట. నాటుకోడి గుడ్డు పెంకు, వనరాజా గుడ్డు పెంకు ఒకేలా ఉండవు. చవక హైగ్రోమీటర్లు పది శాతం తేడా చూపించడం మామూలే. దాన్ని సరిచూడటానికి ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ముద్దయ్యేటన్ని నీళ్లే కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచాలి. అది 75 శాతం చూపించాలి.

అసలు మెలిక బయటి గాలిలో ఉంది. గాలిలో ఉన్న నీరు అంతే ఉన్నా, గాలిని వేడి చేస్తే తేమ శాతం పడిపోతుంది. కోనసీమలో ఆగస్టులో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి ఇంక్యుబేటర్‌లోకి వెళ్లి 37.5కు వేడెక్కితే తేమ సుమారు 52 శాతం ఉంటుంది. అంటే గాళ్లలో చుక్క నీరు పోయకపోయినా సరిపోతుంది! డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 12 డిగ్రీలు, అదే 80 శాతం తేమ ఉన్న గాలి లోపలికి వెళితే తేమ సుమారు 17 శాతానికి దిగిపోతుంది. అక్కడ రెండు గాళ్లు నింపినా చాలకపోవచ్చు. మెషీన్‌తో వచ్చే కాగితానికి ఈ రెండు ఊళ్ల తేడా తెలియదు. మన ఇంటివాళ్లు ఆ కాగితాన్ని నమ్మి రెండు గాళ్లూ నింపడమే ఐదు పిల్లల్ని పోగొట్టింది.

తూకం ఈ నష్టాన్ని ముందే చూపించేది. 24 గుడ్లు పెట్టిన రోజు మొత్తం 1,080 గ్రాములు తూగాయనుకుందాం. 18 రోజుల్లో 13 శాతం పోవాలంటే 7వ రోజుకు 5 శాతం, అంటే 54 గ్రాములు పోవాలి. గుడ్లు 1,026 తూగాలి. అవి 1,051 తూగితే 29 గ్రాములే పోయిందని, నీరు చాలా నెమ్మదిగా వెళుతోందని తెలుస్తుంది. అక్కడే గాళ్లు ఎండబెట్టి, గాలి రంధ్రాలు పూర్తిగా తెరిస్తే మిగిలిన 11 రోజుల్లో చాలావరకు సరిచేసుకోవచ్చు. 1,010 తూగితే నీరు ఎక్కువగా పోతోందని, అప్పుడు నీళ్లు పోయాలని. పోసేటప్పుడు నీటి లోతు పెంచితే తేమ పెరగదు, నీటి పైభాగం వెడల్పు పెరగాలి. తూకాన్ని 7వ రోజు, 14వ రోజు చూస్తే చాలు. పారదర్శకంగా ఉన్న గుడ్లు తీసేసే ముందే తూయాలి, లేదంటే లెక్క తప్పుతుంది.

తేమ తక్కువైన గుడ్డు వేరేలా కనిపిస్తుంది. గాలి గది మరీ పెద్దది, పిల్ల చిన్నది, లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుని ఉంటుంది. విప్పిన గుడ్డులో ఉబ్బు ఉందా, ఎండు ఉందా అన్నదే వచ్చేసారి నీళ్లు తగ్గించాలో, పెంచాలో చెబుతుంది.

తిప్పడం, ఆపడం

పిండం పచ్చసొన కంటే తేలిక కనుక ఎప్పుడూ పైకి తేలి పెంకు వైపు చేరుతుంది. గుడ్డు అలాగే కదలకుండా ఉంటే అది లోపలి పొరకు అతుక్కుపోతుంది. తిప్పకపోతే పిండానికి గాలి అందించే రక్తనాళాల పొర కూడా పెంకు లోపలంతా సరిగా పరుచుకోదు. మొదటి వారంలో తిప్పడం అన్నిటికంటే ముఖ్యం. మోటారు లేనివాళ్లు పెన్సిల్‌తో గుడ్డుకు ఒక వైపు ఇంటూ గుర్తు, ఇంకో వైపు సున్నా పెట్టుకుని, రోజుకు మూడు లేదా ఐదుసార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రంతా కదలకుండా ఉండే వైపు రోజురోజుకూ మారుతుంది. ఒకే దిక్కుకు చుట్టూ తిప్పుతూ పోకూడదు, అటూ ఇటూ మార్చాలి. మోటారు ఉన్నవాళ్లు అది నిజంగా తిరుగుతోందో లేదో గుర్తులు చూసి నిర్ధారించుకోవాలి. విప్పిన గుడ్డులో పిల్ల తల సన్న కొన వైపు ఉంటే ఆ గుడ్డును తలకిందులుగా పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. వెడల్పు వైపే ఎప్పుడూ పైకి ఉండాలి.

18వ రోజు తిప్పడం ఆపాలి. అప్పటినుంచి పిల్ల బయటికి వచ్చేందుకు తన చోటు సర్దుకుంటుంది. ఆ మూడు రోజులూ తేమను 65 నుంచి 70 శాతానికి పెంచాలి, గాలి రంధ్రాలు తెరిచే ఉంచాలి. మొదట్లో తేమ తక్కువగా ఉండాలన్నదీ, చివర్లో ఎక్కువగా ఉండాలన్నదీ ఒకదానికొకటి విరుద్ధం కాదు. మొదట్లో గుడ్డు నీరు కోల్పోవాలి. చివర్లో పెంకు పగిలిన చోట పొర ఎండిపోకూడదు.

పెంకు మీద మొదటి పగులు కనిపించాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఆ వ్యవధిలో అది మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాగేసుకుంటుంది, పొరలోని రక్తం దాని శరీరంలోకి చేరుతుంది. సాయం చేద్దామని మూత తీసి పెంకు ఊడదీస్తే రక్తం కారుతుంది. మూత తీసిన ప్రతిసారీ తేమ పడిపోయి, పక్క గుడ్డులో పొడుచుకుంటున్న పిల్ల పొర మధ్య బిగిసిపోతుంది. ముందే వచ్చిన పిల్లలకు ఆకలేస్తుందని కంగారు పడనక్కర్లేదు. కడుపులోని పచ్చసొన వాటికి రెండు రోజులైనా సరిపోతుంది. బూరు ఆరేదాకా లోపలే ఉంచాలి.

వచ్చేసారి ఏం మార్చాలి?

కోనసీమ ఇంటివాళ్ల నోట్‌బుక్‌లో ఇప్పుడు నాలుగు లైన్లున్నాయి. పుంజు కలవనివి 4, మొదటి వారంలో పోయినవి 5, మధ్యలో 1, చివర్లో ఉబ్బి చనిపోయినవి 5. ఒక్కో లైనుకు ఒక్కో మందుంది. మొదటిదానికి పెట్టల మధ్య పుంజును వదలాలి. రెండోదానికి పది రోజుల గుడ్లు కాక నాలుగు రోజుల గుడ్లు పెట్టాలి. మధ్యలో పోయిన ఒక్కదాని గురించి ఆందోళన అక్కర్లేదు, అది ఎక్కడైనా జరుగుతుంది. అలాంటివి మూడు నాలుగు ఉంటే మాత్రం పెట్టల మేతలో విటమిన్లు చాలడం లేదేమో, లేక మురికి గుడ్లు పెట్టారేమో చూడాలి. నాలుగోదానికి 18వ రోజు వరకు గాళ్లు పొడిగా ఉంచి, 7వ రోజు తూకాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

వేడిని మాత్రం ముట్టుకోకూడదు, అది సరిగానే ఉందని వచ్చిన తొమ్మిది పిల్లలు చెప్పాయి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పిల్లలు తగ్గినప్పుడల్లా తెర మీది అంకెను అర డిగ్రీ పెంచి చూసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల ఉన్న తప్పు అలాగే ఉండి, లేని తప్పు కొత్తగా చేరుతుంది. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో తేల్చేది విప్పి చూసిన గుడ్లే. కాబట్టి ఈసారి మిగిలిపోయినవాటిని పూడ్చేముందు ఒక్కొక్కటిగా విప్పండి. ఏ వయసులో పోయింది, తడిగా ఉందా ఎండిపోయి ఉందా, తల ఎటు ఉంది అన్న మూడు సంగతులూ రాసుకున్నాకే కొత్త గుడ్లు పెట్టండి.